ఇంగ ఎన్ని ఉండాయి?

పలమనేరు కల్యాణమండపంలో ఒక పెళ్ళి అనుకుందాం. శుభలేఖలో ముహూర్తం ఈ సరిహద్దు సీమ పద్ధతిలోనే వేశారు: తెల్లవారుజామున 4-30 గంటలు మొదలు 6-00 గంటల లోపల. గట్టిమేళం మోగింది, మూడు ముళ్ళు పడ్డాయి, అక్షింతలు రాలాయి. తలంబ్రాల పళ్ళేలు తెచ్చి వధూవరుల ముందు పెట్టారు. మొదట పెళ్ళికొడుకు దోసిట్లోంచి ఒక ధార, ఆపైన పెళ్ళికూతురు. ఆ అమ్మాయి రాత్రి నుంచి పట్టి ఉంచిన సిగ్గు వదిలేసి, మునివేళ్ళ మీద లేచి అతని తలపైన ఒక్కసారి కుమ్మరించింది. మండపమంతా నవ్వింది. ఫొటోగ్రాఫరు మీట నొక్కాడు, కెమెరా పలకలేదు. మళ్ళీ నొక్కాడు. వెనక తెరమీద Card full అని రెండు ముక్కలు. ఈ కథలో ఫొటోగ్రాఫరుకు పేరు పెట్టనక్కర్లేదు, ఎందుకంటే పెళ్ళి ఫొటోలు తీసే వాళ్ళలో ఈ రెండు ముక్కలు ఒకసారైనా చూడనివాడు అరుదు. చూసినవాణ్ణి అజాగ్రత్త మనిషనడం అందరికీ తేలిక. ఒక్కడి మతిమరుపుతోనే సరిపెట్టేస్తే అసలు సంగతి జారిపోతుందని నాకనిపిస్తుంది. పాతికేళ్ళ కిందటి దాకా పెళ్ళిపందిట్లో ఫొటోలకు ఒక లెక్క ఉండేది. ఆ లెక్క ఫొటోగ్రాఫరుకు, పెళ్ళి పెద్దకు, చివరికి స్టేజీ పక్కన నిలబడ్డ పిల్లలకు కూడా తెలిసి ఉండేది. ఆ లెక్కతో బతికిన పద్ధతి పోయింది కాబట్టే కార్డు తలంబ్రాల నడుమ నిండింది.

ముందు ఆ కార్డు ఎట్లా నిండిందో చూద్దాం. 64 జీబీ కార్డు చిన్నదేం కాదు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో ఫొటోను రా ఫైలుగాను, జేపెగ్‌గాను రెండు రకాలుగా దాచుకుంటే మొదటిదానికి సుమారు 28 ఎంబీ, రెండోదానికి సుమారు 10 ఎంబీ పడుతుంది. అంటే కార్డులో 1,600 ఫొటోలకు కాస్త అటూ ఇటూ. ఒక పెళ్ళికి ధారాళంగా చాలుననిపించే సంఖ్య. కానీ చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో రిసెప్షన్ ముహూర్తానికి ముందురోజు రాత్రే జరుగుతుంది. కోస్తాలో చాలా చోట్ల పెళ్ళయ్యాక పెట్టుకునేది ఇక్కడ ముందే అయిపోతుంది. అటు కోలారు వైపు, ఇటు గుడియాత్తం వైపు అలవాటు కూడా అదే. రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా స్టేజీ ఎక్కిన గుంపులు రెండువందల ఇరవై అనుకోండి. ఎవరో ఒకరు కళ్ళు మూస్తారని గుంపుకు మూడు చొప్పున తీస్తే 660. అలంకరణ, ఉంగరాలు మార్చుకోవడం, భోజనాల హాలు కలిపి మరో 240. నిద్రకు ముందే 900 అయ్యాయి. మధ్యలో మిగిలిన మూడు నాలుగు గంటల్లో ఆ ఫొటోలను ల్యాప్‌టాప్‌లోకి దించి కార్డు ఖాళీ చెయ్యాలి. ఆ సమయంలో అతను మండపంలోనే రెండు కుర్చీలు కలుపుకొని నడుం వాల్చాడు. తెల్లవారుజామున మూడింటికి పెళ్ళికూతురి అలంకారం, గౌరీపూజ, స్నాతకం కలిపి 250. తెర, కన్యాదానం, జీలకర్ర బెల్లం 250. తాళి దగ్గర సెకనుకు ఐదు చొప్పున, నాలుగేసి సెకన్లు, పదిసార్లు మీట పట్టుకుంటే 200. మొత్తం కూడితే 1,600. తలంబ్రాల దగ్గరే ఎందుకు నిండిందనే దానికి ఇంతకన్నా రహస్యమేమీ లేదు. కార్డును ఖాళీ చేసింది పెళ్ళికి, అతను లెక్క మొదలుపెట్టింది ముహూర్తానికి. మధ్యలోని రిసెప్షన్ రాత్రి ఎవరి పద్దులోనూ పడలేదు.

రీలు కాలంలో ఇలాంటి రాత్రి పద్దులో పడకుండా ఉండే వీలే లేదు. 1970లలో చిన్న ఊళ్ళ స్టూడియోల్లో పెళ్ళికి తీసుకెళ్ళిన కెమెరాల్లో ఎక్కువగా కనబడేది యాషికా మ్యాట్. కింద ఒక కన్ను, పైన ఒక కన్ను. మెడలో వేలాడదీసుకొని తలవంచి పైనున్న అద్దంలోకి చూసి తియ్యాలి. అందులో వేసే 120 సైజు రీలుకు పన్నెండు బొమ్మలే. తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో, ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారం 1967 నుంచి తయారుచేసిన ఇందు, ఇవీ ఆనాటి నలుపు తెలుపు ఫిల్ములు. ఆ తర్వాత 35 ఎంఎం కెమెరాలు వచ్చాయి, పెంటాక్స్ కె1000 లాంటివి, వాటితోపాటు రంగు ఫిల్మూ వచ్చింది. రీలుకు ముప్పయ్యారు. ఫిల్ము మొదలు జాగ్రత్తగా తగిలిస్తే ముప్పయ్యేడోది, ఎప్పుడన్నా ముప్పయ్యెనిమిదోది కూడా వచ్చేది. ఆ ఒకటి రెండు అదనపు బొమ్మలు పనితనానికి గుర్తుగా చెల్లేవి. పెళ్ళి ఒప్పుకునేటప్పుడు బేరమంతా రీళ్ళలోనే జరిగేది. మూడు రీళ్ళంటే 108 బొమ్మలు, అంతకు ఇంత. నాలుగో రీలు కావాలంటే పెళ్ళి పెద్ద తలూపాలి. అడ్వాన్సు చేతిలో పెడుతున్నప్పుడే తాళికి ఎన్ని, అప్పగింతలకు ఎన్ని, మామగారి వైపు వాళ్ళ గ్రూపు ఫొటోలు ఎన్ని అనే పంపకం మాటల్లో తేలిపోయేది. ఇక పెళ్ళి మధ్యలో ఎవరో ఒక పెద్దాయన ఫొటోగ్రాఫరు భుజం మీద చెయ్యేసి “ఇంగ ఎన్ని ఉండాయి నాయనా?” అని అడగడం ఈ సీమలో మామూలు మాట. అతను కెమెరా మీది అంకె చూసి “పదకొండు ఉండాయి పెద్దాయనా” అనేవాడు. ఆ పదకొండూ పెద్దాయన డబ్బు, ఫొటోగ్రాఫరు పని, రెండూను. ఇద్దరూ కలిసి ఖర్చు చేసేవాళ్ళు.

ఆ అంకె చేతిలో ఉన్నవాడు పెళ్ళి తంతును కంఠతా పట్టక తప్పేది కాదు. కె1000లో రీలు మార్చడం ఏమంత చిన్న పని కాదు. కెమెరా అడుగున ఉన్న చిన్న బొత్తాం నొక్కాలి, పైన ఎడమవైపు పిడిని మడత విప్పి తిప్పుతూ తీసిన ఫిల్మునంతా డబ్బాలోకి చుట్టాలి, పట్టు వదిలినట్టు చేతికి తెలిశాక పిడిని పైకి లాగి వెనక తలుపు తెరవాలి. కొత్త రీలు పెట్టి, దాని నాలుకను కుడివైపు ఇరుసు గాడిలో దూర్చి, తలుపు మూసి, వెలుతురు సోకిన భాగం దాటేలా రెండుసార్లు ఉత్తగా నొక్కాలి. చెయ్యి తిరిగినవాడికైనా నిమిషం పడుతుంది. మూడు ముళ్ళు పడటానికి అంత సమయం కూడా పట్టదు. అందుకని తెలిసినవాడు గట్టిమేళం దాకా ఆగేవాడు కాదు. పురోహితుడు తాళిని పళ్ళెంలో పెట్టి పెద్దల చేత తాకించడానికి సభలోకి పంపే సమయం ఒకటుంటుంది. మంగళసూత్రం వరసల వెంట తిరిగి వచ్చేదాకా వేదిక మీద పెద్దగా ఏమీ జరగదు. ఆ సందులో, రీల్లో ఇంకా నాలుగైదు బొమ్మలున్నా సరే, చుట్టేసి కొత్తది ఎక్కించేవాడు. ఆ నాలుగైదు నష్టమే, అయినా ముందే ఒప్పుకున్న నష్టం. మేళగాళ్ళ వైపు ఒక చూపు, పురోహితుడి చేతి మీద ఒక చూపు ఉండేది. కొత్త రీలు ఎక్కించాక మీట తిప్పినప్పుడల్లా ఎడమవైపు పిడి తనంతట తాను తిరుగుతోందా లేదా అని చూసుకోవడం కూడా పనిలో భాగమే. అది తిరగకపోతే ఫిల్ము ఇరుసుకు తగులుకోలేదని అర్థం. పైన అంకె మాత్రం ఒకటి, రెండు, మూడు అని పోతూనే ఉంటుంది.

రీలుకు లెక్క ఉండటం, కార్డుకు లేకపోవడం వస్తువుల స్వభావమే కదా, మనుషుల పద్ధతి గురించి ఇంత మాట ఎందుకని ఎవరైనా అడగవచ్చు. దీనికి జవాబు డిజిటల్ తొలి ఏళ్ళలోనే దొరుకుతుంది. కెనాన్ 300డి 2003లో, నికాన్ డి70 2004లో వచ్చాయి. చిన్న పట్టణాల ఫొటోగ్రాఫర్లు అప్పుసప్పు చేసైనా కొనగల డిజిటల్ కెమెరాలు ఈ తరంతోనే మొదలయ్యాయి. అవి ఆరు మెగాపిక్సెళ్ళవి. అప్పటి కార్డులు 256 ఎంబీ, 512 ఎంబీ, బాగా ఉన్నవాడి దగ్గర ఒక జీబీ. 512 ఎంబీ కార్డులో మంచి నాణ్యత జేపెగ్‌లు నూటడెబ్బయి, రెండువందలు పట్టేవి. అంటే ఐదారు రీళ్ళంత. ఫిల్ము పోయింది, లెక్క పోలేదు. జేబులో మూడు కార్డులు పెట్టుకొని, నిండినదాన్ని తిరగేసి పెట్టుకొని, ఏది ముహూర్తానికి, ఏది భోజనాలకు అని విడగొట్టుకున్న కాలం అది. ఎన్ని మిగిలాయో చూసుకోవడానికి కళ్ళు తమంతట తామే పై గాజు మీది అంకె మీదికి పోయేవి. ఆ అలవాటు రీలుతో వచ్చిందే. కార్డులు 16 జీబీ, 32 జీబీ అయ్యాక, అంకె నాలుగు స్థానాలకు పెరిగాక, దాన్ని చూడటం మానేశారు. పదకొండు వందలు మిగిలాయని తెలిసి ఎవడైనా చేసేదేముంది? కాబట్టి లెక్క పోవడానికి డిజిటల్ కారణమనడం సరికాదు. లెక్కపెట్టాలనిపించనంత పెద్ద సంఖ్య కారణం. అందరికీ తెలిసిన ముగింపు కాస్తా ఎవరికీ కనబడనంత దూరం జరిగింది. జరిగిందే తప్ప మాయమవలేదు. రిసెప్షన్ రాత్రి లాంటిది మధ్యలో పడితే అది నడుచుకుంటూ తలంబ్రాల దాకా వచ్చేస్తుంది.

రీలు కాలాన్ని మెచ్చుకునేవాళ్ళకు ఎదురయ్యే అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ రోజుల్లో పెళ్ళికి పెళ్ళే గాల్లో కలిసిపోయిన సందర్భాలు లేవా? ఉన్నాయి, ఇప్పటికన్నా ఎక్కువే ఉన్నాయి. పైన చెప్పిన పిడి తిరగని రీలు ఒకటి చాలు: ముప్పయ్యారుసార్లు ఫ్లాష్ వెలిగి, ముప్పయ్యారుసార్లు జనం నవ్వి, లోపల ఫిల్ము అంగుళం కదలకుండా కూర్చునేది. కె1000కు ఫ్లాష్ వేగం సెకనులో అరవయ్యో వంతు. తోపులాటలో ఆ వేగం మార్చే చక్రం ఒక గడి జరిగి నూటఇరవయ్యైదు మీద పడితే ప్రతి బొమ్మలో ఒక పక్క నల్ల పట్టీ వచ్చేది. ఆ పట్టీలో పెళ్ళికొడుకు ఉండేవాడో, పెళ్ళికూతురు ఉండేదో వాళ్ళ అదృష్టం. రంగు రీళ్ళు బయటి ఊళ్ళ కలర్ ల్యాబులకు పోయి రావాలి, దారిలోనూ ల్యాబులోనూ ఏమైనా కావచ్చు. ఇన్నిటికన్నా పెద్ద కీడు, సంగతి తెలిసేది పెళ్ళయిన వారానికో పది రోజులకో. అప్పటికి పందిరి విప్పేసి, కొత్త దంపతులు ఊరు చేరి ఉంటారు. దీంతో పోలిస్తే కార్డు నిండిందనే మాట ఎంతో మర్యాదైన ప్రమాదం. జరిగిన క్షణంలోనే చెబుతుంది, ఇంకా తలంబ్రాలు పళ్ళెంలో ఉండగానే చెబుతుంది. కాబట్టి ఫొటోలు దక్కడమే కొలత అయితే నేటి పెళ్ళి నిన్నటి పెళ్ళికన్నా భద్రం, ఇందులో వాదన లేదు. నేను చెప్పేది లెక్కలో భాగమైన మనుషుల గురించి. పాత రోజుల్లో ఫొటోలు పోయినా, ముగింపు మాత్రం ఎవరికీ తెలియకుండా రాలేదు. రీలు అయిపోయిందంటే ఫొటోగ్రాఫరు గుండె ఆగేది కాదు. చెయ్యి ఎత్తి ఒక్క నిమిషం అనేవాడు, పురోహితుడు రెండు మంత్రాలు నెమ్మదిగా చదివేవాడు. తంతుకు తగ్గట్టు రీలు మార్చుకున్నట్టే రీలుకు తగ్గట్టు తంతు కూడా కాస్త జరిగేది. ఇప్పుడు ఆ చెయ్యి ఎత్తే హక్కు ఫొటోగ్రాఫరుకు లేదు. కార్డు కూడా నిండుతుందని పందిట్లో ఎవరూ అనుకోరు మరి.

రెండో అభ్యంతరం పనివాళ్ళది: ఇప్పటి కెమెరాల్లో రెండు కార్డులు పెట్టుకోవచ్చు, ఈ గోలంతా ఎందుకు? రెండు గదులున్న కెమెరాలు 2010 తర్వాత మధ్య తరగతి ధరల్లోకి వచ్చాయి, నిజమే. అయితే రెండో కార్డును దేనికి వాడుతున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. మొదటిది నిండాక రెండోదానికి పొమ్మని పెడితే ఈ కథ జరగదు. కానీ పెళ్ళి పోతే మళ్ళీ రాదన్న భయంతో జాగ్రత్తపరులు ప్రతి ఫొటో రెండింటిలోనూ పడేలా పెట్టుకుంటారు. అలాంటప్పుడు ఏ ఒక్కటి నిండినా కెమెరా ఆగిపోతుంది. ఒకదానిలో 64, ఇంకోదానిలో 128 పెట్టుకున్నవాడికి పెద్దదానిలో సగం ఖాళీగా ఉండగానే Card full వస్తుంది. రా ఒకవైపు, జేపెగ్ ఒకవైపు పెట్టుకున్నా అంతే, రా వైపు ముందు నిండి జేపెగ్ వైపు పని కూడా ఆపేస్తుంది. రెండో గది లెక్కను తప్పించదు, లెక్కను ఇంకాస్త చిక్కుపరుస్తుంది. పోతే, కార్డు నిండటం వల్ల జరిగే నష్టం నిజానికి చిన్నది. కెమెరా ఆపి, ఎర్ర దీపం ఆరేదాకా ఆగి, కార్డు మార్చడానికి పదిహేను సెకన్లు. తలంబ్రాలు అంతకన్నా చాలాసేపు సాగుతాయి. పెద్ద నష్టం ఆ పదిహేను సెకన్లను భయంతో మిగుల్చుకోబోయినప్పుడు జరుగుతుంది. మన ఫొటోగ్రాఫరు జేబు తడుముకున్నాడు, ఇంకో కార్డు మండపం చివర ఉన్న సంచిలో ఉంది. అంత దూరం పోవడమెందుకని రాత్రి తీసిన వాటిల్లో పనికిరానివి చెరపడం మొదలుపెట్టాడు. చేతులు వణుకుతున్నప్పుడు తుడిచే బొత్తాం, ఔననే బొత్తాం వరసగా పడిపోతాయి. రెండు మసక ఫొటోల వెంట ఒక మంచిది పోయింది, అది పెళ్ళికూతురి మేనత్త ఆశీర్వాదం. తుడిచేస్తే ఫొటో వెంటనే పోదు. కార్డులో దాని చోటు ఖాళీ అని రాసుకుంటుంది గానీ లోపలి సమాచారం అలాగే ఉంటుంది. అదే కార్డు మీద ఇంకొకటి తియ్యకుండా పక్కన పెడితే ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ చోటు కోసమే తుడిచినవాడు పక్కన ఎట్లా పెడతాడు? ఆ ఖాళీలోనే తలంబ్రాలు తీశాడు, మేనత్త మీద బియ్యం పడ్డాయి. అతను ఒకటి ఆలోచించి ఉండాల్సింది. తెర మీద సున్నా చూపించేటప్పుడు కూడా కార్డులో పదో పదిహేనో ఎంబీలు మిగిలి ఉండవచ్చు. రా ఆపేసి జేపెగ్ ఒక్కటే పెడితే ఒకటీ అరా ఫొటోలు పట్టేవి. అసిస్టెంటు సంచి తెచ్చేదాకా ఆ ఒక్కటి చాలు. రీలు కాలపు మనిషికి ఇలాంటి ఆలోచన వెంటనే వచ్చేది, ముప్పయ్యేడో బొమ్మను రాబట్టినవాడు వాడు.

మూడో అభ్యంతరం నన్ను బాగా ఇబ్బంది పెట్టేది. లెక్క ఉన్నచోట లెక్కలోకి రానివాళ్ళు కూడా ఉంటారు. 108 బొమ్మల పంపకంలో ముందు వియ్యపురాళ్ళు, ఊరి పెద్దలు, బావమరుదులు. వంటశాలలో పొగలో ఉన్న అత్తమ్మల వంతు రీలు మిగిలితే వచ్చేది, మిగిలేది కాదు. పలమనేరు మట్టిపనికి పేరుపడిన ఊరు. పెళ్ళికి అరివేణి కుండలు ఇక్కడి కుమ్మర్ల ఇళ్ళ నుంచే వస్తాయి. ఆల్బముల్లో కుండలు ఉన్నాయి గానీ వాటిని తెచ్చినవాళ్ళు ఒక్కదాంట్లోనూ లేరన్నా ఆశ్చర్యం లేదు. డోలు కొట్టినవాళ్ళు, నాదస్వరం ఊదినవాళ్ళు చట్రం అంచున సగం తెగి కనిపిస్తారు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పదేపదే వచ్చి నిలబడే చుట్టాన్ని కాదనలేక ఫిల్ము తిప్పకుండా ఫ్లాష్ ఒక్కటే వెలిగించి పంపించే విద్య పెళ్ళి ఫొటోగ్రాఫర్లందరికీ తెలుసు. ఆ వెలుగులో నవ్వినవాళ్ళు ఆల్బం వచ్చాక తమ బొమ్మ కోసం పేజీలు తిప్పి, ‘రీలు పాడై ఉంటుందిలే’ అని సర్దుకునేవాళ్ళు. ఈ పద్ధతి న్యాయమైనదని ఎవరంటారు? 220 గుంపులకు మూడేసి చొప్పున తీసిన నేటి ఫొటోగ్రాఫరు కనీసం ఎవరినీ ఉత్త వెలుతురుతో పంపలేదు. ఈ మేరకు కార్డు రీలును గెలిచింది. అయినా నా వాదన చెడలేదనే అనుకుంటున్నాను. పాత లెక్క అన్యాయంగా పంచింది, పంచడమైతే బహిరంగంగా జరిగింది. ఎవరికి బొమ్మ దక్కలేదో పందిట్లో ఉన్నవాళ్ళకు తెలుసు, తగాదా పడగలిగేవాళ్ళు, నాలుగో రీలు కొనిపించగలిగేవాళ్ళు. “మా వాళ్ళను ఒక్కటి తియ్యప్పా” అని పెళ్ళికూతురి మేనమామ సొంత డబ్బుతో రీలు తెప్పించిన పెళ్ళిళ్ళు ఈ చుట్టుపక్కల వింతేమీ కాదు. ఇప్పుడు అందరికీ ఫొటో ఉంది, అందుకని ఎవరికోసమూ ఎవరూ అడగనక్కర్లేదు. అడగకపోవడంలో ఆ పందిరి ఒక సంబంధాన్ని పోగొట్టుకుంది.

ఇంతకీ ఆ పంపకం నిజంగా పోయిందా అంటే, పెళ్ళి రోజు నుంచి మాత్రమే పోయింది. ఫొటోగ్రాఫరు రాత్రికి కార్డులన్నీ దించుకుంటే రెండు కెమెరాలవి కలిపి మూడువేల పైన ఫొటోలు. కరిజ్మా ఆల్బంలో నలభై షీట్లు వేసినా రెండువందల యాభై, మూడువందలకు మించి సర్దలేరు. పాత ఫొటోగ్రాఫరు మీట నొక్కేముందే వదిలేసిన పదింట తొమ్మిది వంతులను ఇప్పుడు నొక్కాక వదలాలి. వదిలే పని పెళ్ళివారిది. పెన్‌డ్రైవ్ ఇచ్చి, కావలసిన ఫొటోల నంబర్లు రాసివ్వమంటారు. కొత్త జంట బెంగుళూరులో ఉద్యోగాల్లో ఉంటుంది, అమ్మానాన్నలు ఒకవైపు, అత్తమామలు ఒకవైపు. మూడేసి చొప్పున తీసిన ప్రతి గుంపులోనూ ఒకదాంట్లో పెదనాన్న కళ్ళు మూశాడు, ఇంకోదాంట్లో పిల్ల అటు తిరిగింది. ఏది తియ్యాలన్నా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు కాబట్టి ఎవరూ మొదలుపెట్టరు. స్టూడియోల్లో ఇవ్వని నంబర్ల కోసం ఆగిపోయిన ఆల్బములు నెలల తరబడి ఉంటున్నాయి. మొదటి బిడ్డ నామకరణానికి అదే ఫొటోగ్రాఫరును పిలిచినప్పుడు పెళ్ళి ఆల్బం సంగతి మళ్ళీ ఎత్తుతారు. అందుకే ఇప్పుడు చాలామంది ఫొటోగ్రాఫర్లు బేరం దగ్గరే ఒక మాట చేరుస్తున్నారు: ఇన్ని రోజుల్లో నంబర్లు రాకపోతే మేమే ఏరి ఆల్బం వేసేస్తాం, తర్వాత మార్చం. అడ్వాన్సు పుచ్చుకునేటప్పుడు ఆ మాటకు పెళ్ళి పెద్ద తలూపుతున్నాడు. షీట్లు నలభైయా, యాభైయా, దానికి ఇంకా ఎంత అవుతుందనే దాని మీద ఆయన కాసేపు లెక్క వేస్తున్నాడు కూడా.